పింగ్ ముప్ఫైయే, ఆట మాత్రం ఆగుతోంది: కన్సోల్‌కి వైరా, వైఫైనా?

మా అక్క వాళ్ళది నిజాంపేట్‌లో మూడో అంతస్తు ఫ్లాట్. ఒక ఆదివారం రాత్రి మేనల్లుడు ఫోన్ చేశాడు. "మామయ్యా, నెట్ ప్లాన్ 50 నుంచి 150కి మార్పిద్దాం. నేను చెబితే అమ్మ వినదు, నువ్వు చెప్పు." పీఎస్5లో ఆన్‌లైన్ ఫుట్‌బాల్ ఆడుతుంటే సరిగ్గా గోల్ ముందర ఆటగాడు ఒక్క క్షణం బిగుసుకుపోయి, మరుక్షణం రెండడుగులు అవతల తేలుతున్నాడట. పింగ్ ఎంత చూపిస్తోందిరా అంటే, "ముప్ఫై. మా ఫ్రెండ్స్‌కీ అంతే. పింగ్ బాగానే ఉంది మామయ్యా, స్పీడే చాలట్లేదు" అన్నాడు.

వాడన్నదాంట్లో రెండూ తప్పే. స్పీడు చాలకపోవడం కాదు, పింగ్ బాగుండటమూ కాదు. ఆన్‌లైన్ ఆటలో కన్సోల్‌కీ సర్వర్‌కీ మధ్య తిరిగేవి చిన్న చిన్న ప్యాకెట్లు. ఏ బటన్ నొక్కావు, ఎవరు ఎక్కడున్నారు, బంతి ఎటు పోతోంది, ఇంతే. సెకనుకు పదుల సంఖ్యలో వెళ్ళినా మొత్తం కలిపి 1 ఎంబీపీఎస్ కూడా దాటదు. గేమ్ డౌన్‌లోడ్ చేసేటప్పుడు 150 ప్లాన్ పనికొస్తుంది, ఆడేటప్పుడు 50లో 49 ఖాళీగానే ఉంటుంది. ఇక పింగ్ అంటే ప్యాకెట్ సర్వర్ దాకా వెళ్ళి రావడానికి పట్టే మిల్లీసెకండ్లు. స్క్రీన్ మీద కనిపించే ఆ 30 అనేది కొన్ని క్షణాల సగటు. సగటులో ఎత్తుపల్లాలు కనిపించవు. వాణ్ని ఏడిపిస్తున్నది ఆ ఎత్తులే.

జవాబు ముందే చెప్పేస్తాను. కన్సోల్ దాకా వైరు లాగే వీలుంటే లాగండి. అయితే వైరు ఎందుకు మేలో, ఏ ఇంట్లో దాని అవసరం లేదో తెలియకుండా లాగితే, డబ్బు పెట్టాక కూడా ఆట ఆగుతుంటే ఎవర్ని తిట్టాలో తెలియదు. మా వాడింట్లో అలా రెండుసార్లు ఆగింది. అది తర్వాత చెబుతాను.

వైరు తగ్గించలేనిది ఒకటుంది

ఫైబర్‌లో వెలుగు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. అంటే ప్రతి 100 కిలోమీటర్ల దూరానికి, వెళ్ళి తిరిగి రావడానికి 1 మిల్లీసెకండు. హైదరాబాద్ నుంచి ముంబై గాలిలో కొలిస్తే 620 కిలోమీటర్లు. కేబుల్ తిన్నగా పోదు, మధ్యలో ఎన్నో మలుపులు, ఎన్నో రౌటర్లు. కాబట్టి సర్వర్ ముంబైలో ఉంటే 20 అటూఇటూ చూపిస్తుంది. సింగపూర్‌లో ఉంటే లెక్క ప్రకారమే 33కి తగ్గదు, మన ఇళ్ళలో 60 దాటడం మామూలే. ఇంట్లో బంగారు వైరు వేసినా ఈ భాగం మారదు. వైరా వైఫైనా అన్న ప్రశ్న కన్సోల్ నుంచి రౌటర్ దాకా ఉన్న పది పదిహేను మీటర్ల గురించి మాత్రమే.

ఆ పది మీటర్లలో ఏం జరుగుతుందన్నదే అసలు సంగతి.

వైరులో కన్సోల్‌కీ రౌటర్‌కీ మధ్య ఇంకెవరూ ఉండరు. పంపడానికి ఒక దారి, అందుకోవడానికి ఒక దారి, రెండూ ఎప్పుడూ ఖాళీ. ప్యాకెట్ పంపాలంటే ఎవరినీ అడగనక్కర్లేదు. అందుకే వెళ్ళొచ్చే సమయం 1 మిల్లీసెకండు లోపే ఉంటుంది, ఎప్పుడు కొలిచినా అంతే ఉంటుంది.

వైఫై సంగతి వేరు. అది సందులాంటిది, ఒకసారి ఒక్క బండే పోవాలి. మన రౌటర్, మన ఫోన్లు, టీవీ, పక్క ఫ్లాట్ వాళ్ళ రౌటర్, పై ఫ్లాట్ వాళ్ళ రౌటర్, ఒకే ఛానెల్‌లో ఉంటే అందరిదీ అదే సందు. పంపే ముందు ఎవరైనా మాట్లాడుతున్నారా అని వినాలి, ఖాళీ దొరికాక కూడా కొంతసేపు ఆగి అప్పుడు పంపాలి. అవతలి నుంచి "అందింది" అని జవాబు రావాలి. రాకపోతే మళ్ళీ పంపాలి. ఈసారి ఇంకాస్త ఎక్కువసేపు ఆగి, తరచుగా ఇంకా తక్కువ వేగంతో. పరికరాన్ని బట్టి ఇలా ఏడెనిమిది సార్ల దాకా ప్రయత్నించి, అప్పటికీ అందకపోతే వదిలేస్తుంది.

ఇక్కడ ఒక మెలిక ఉంది. వైఫైలో ప్యాకెట్ గాలిలో పోయినా, వైఫైయే దాన్ని మళ్ళీ మళ్ళీ పంపి చివరికి చేర్చేస్తుంది. కాబట్టి పైనున్న ఆటకి అది పోయినట్టు కనిపించదు, ఆలస్యమైనట్టు కనిపిస్తుంది. లెక్కలో ప్యాకెట్ లాస్ 0 శాతం. కానీ 140 మిల్లీసెకండ్లు ఆలస్యంగా వచ్చిన "బంతి ఇక్కడుంది" అన్న కబురుతో ఆట ఏం చేసుకుంటుంది? ఆ లోపు బంతి వేరే చోటికి వెళ్ళిపోయింది. ఆటకి సంబంధించినంత వరకు ఆలస్యంగా వచ్చింది రానట్టే.

వైరులో సరిగ్గా తిరగబడుతుంది. ఈథర్నెట్‌కి మళ్ళీ పంపే అలవాటు లేదు. దారిలో ప్యాకెట్ పాడైతే అవతలి పోర్టు లెక్క చూసి, తప్పని తేలితే చడీచప్పుడు లేకుండా పారేస్తుంది. మంచి కేబుల్‌లో ఇది దాదాపు జరగదు. జరిగితే మాత్రం ఆలస్యం రూపంలో కనిపించదు, నేరుగా నష్టంగానే కనిపిస్తుంది. పింగ్ 1 లోపే ఉంటూ మధ్య మధ్యలో ప్యాకెట్లు మాయమవుతుంటే అది వైరు జబ్బు. ప్యాకెట్లన్నీ వస్తూ కొన్ని మాత్రం 100, 200 మిల్లీసెకండ్లకు వస్తుంటే అది వైఫై జబ్బు. ఈ ఒక్క తేడా గుర్తుంటే సగం గొడవ తీరినట్టే.

కొలిచి చూడటం

పీఎస్5లో ఉన్న ఇంటర్నెట్ టెస్ట్ డౌన్‌లోడ్, అప్‌లోడ్ వేగం, అవతలి ఆటగాళ్ళతో నేరుగా కలవడానికి రౌటర్ ఎంత దారి ఇస్తోందో తెలిపే ఎన్ఏటీ టైపు చెబుతుంది తప్ప ఆలస్యం గురించి ఏమీ చెప్పదు. ఎక్స్‌బాక్స్ కాస్త నయం, నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో ప్యాకెట్ లాస్, లేటెన్సీ కూడా చూపిస్తుంది. అయితే అది బయట సర్వర్ దాకా కొలిచింది. తప్పు ఇంట్లో ఉందా, కంపెనీ వాళ్ళ లైనులో ఉందా అన్నది దాంట్లో విడిపోదు. అందుకని నేను ల్యాప్‌టాప్ తీసుకెళ్ళి, సరిగ్గా కన్సోల్ ఉన్నచోటే పెట్టి, ఇంటి రౌటర్‌కి పింగ్ కొడతాను. సెకనుకు ఒకటి చొప్పున 300, అంటే ఐదు నిమిషాలు. విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో ఇలా:

```
ping -n 300 192.168.1.1 > wifi.txt
```

రౌటర్ అడ్రస్ కొన్ని ఇళ్ళలో 192.168.0.1 ఉంటుంది, లేదా వేరేది. `ipconfig` కొడితే `Default Gateway` దగ్గర కనిపిస్తుంది. ఫలితం ఫైల్‌లోకి పోతుంది కాబట్టి ఐదు నిమిషాలు స్క్రీన్ ఖాళీగా ఉంటుంది, కంగారుపడి మూసేయకండి. మధ్యాహ్నం పన్నెండింటికి కొలిస్తే ఏం లాభం లేదు. అపార్ట్‌మెంట్ మొత్తం ఇంట్లో ఉండే వేళ, రాత్రి తొమ్మిదిన్నర పదింటికి కొలవాలి. ఆ ఫైల్ తెరిచి చివర్లో ఉన్న సగటు చూసి మూసేయకుండా, లైన్లు ఒక్కొక్కటీ కిందికి జరుపుతూ చూడండి.

ఇంకో మోసం ఉంది. విండోస్‌లో పింగ్ జవాబు కోసం 4 సెకన్లు ఆగుతుంది. మూడు సెకన్ల తర్వాత వచ్చినా "వచ్చింది" అనే లెక్కేస్తుంది. అందుకే చివర 0 శాతం లాస్ అని రాసి ఉంటే సంబరపడకూడదు. నా లెక్క ఏమిటంటే, అన్నిటికంటే తక్కువ వచ్చిన అంకె కంటే 30 మిల్లీసెకండ్లు మించి ఆలస్యమైన ప్రతి జవాబునూ పోయినట్టే రాసుకుంటాను. 300లో అలాంటివి ఒకటి రెండు ఉంటే వదిలేస్తాను. ఆరు దాటితే వైరు మాట ఎత్తుతాను. సెకనుకు ఒక్కటే కొలుస్తున్నాం, ఆట అంతకంటే ఎన్నో రెట్లు ఎక్కువ పంపుతోంది, కాబట్టి మనకు కనిపించింది అసలు దాంట్లో కొంత మాత్రమే.

ఇక మా అక్క వాళ్ళింటి సంగతి. రౌటర్ హాల్లో, వీధి గుమ్మం పక్కన, చెప్పుల స్టాండ్ పైన గోడకి ఉంది. నెట్ వాళ్ళు ఎక్కడ ఫైబర్ ఆపితే అక్కడే డబ్బా బిగించి పోతారు కదా. పీఎస్5 వెనక బెడ్‌రూమ్‌లో. మధ్యలో మూడు గోడలు, వాటిలో ఒక గోడని ఆనుకుని ఇనప బీరువా, దాని తలుపుకి నిలువెత్తు అద్దం. ఇనుమూ అద్దం వెనకుండే పూతా వైఫైని వెనక్కి కొట్టేస్తాయి. కొలిస్తే పదకొండు మీటర్లు.

కన్సోల్ 2.4 గిగాహెర్ట్జ్ వైఫైకి కలిసి ఉంది. దూరమెక్కువ కాబట్టి సిగ్నల్ దాంట్లోనే బాగా చూపిస్తోందని వాడే అలా పెట్టుకున్నాడు. అదే వైఫైలో నా ల్యాప్‌టాప్ పెట్టి రౌటర్‌కి 300 కొడితే, తక్కువ 2, సగటు 14, ఎక్కువ 386 మిల్లీసెకండ్లు. మూడు అసలు రానే లేదు. 30 దాటి ఆలస్యమైనవి 31. ఇది ఇంటర్నెట్‌కి వెళ్ళి రావడం కాదు, హాల్లోకి వెళ్ళి రావడం.

తర్వాత పేరు చివర `_5G` అని ఉన్న వైఫైకి మార్చాను. అది మొబైల్ 5జీ కాదు, 5 గిగాహెర్ట్జ్ అని వాడికి చెప్పాల్సొచ్చింది. సిగ్నల్ రెండు గీతలే, కానీ ఫలితం మెరుగు. తక్కువ 2, సగటు 7, ఎక్కువ 141, పోయినవి సున్నా. ఆలస్యమైనవి 11.

మూడోది, హాల్లోంచి నేల మీదుగా తాత్కాలికంగా పరిచిన కేబుల్. మొదటి నుంచి చివరి దాకా ఒకటే మాట, `time<1ms`. నూట యాభయ్యో లైను తర్వాత మా వాడికి ఆవులింత వచ్చింది.

ఇప్పుడు తమాషా చూడండి. ఈ మూడు పద్ధతుల్లో ఆటలో కనిపించే పింగ్ 38, 31, 24. వైఫైలో మంచిదానికీ వైరుకీ తేడా 7 మిల్లీసెకండ్లు. ఆ 7 చేతికి తెలియదు, నాకైతే తెలియదు. కానీ 300లో 11 అంటే 27కి ఒకటి. ఫుట్‌బాల్ మ్యాచ్ 12 నిమిషాలు, అంటే 720 సెకన్లు. సెకనుకు ఒక్క ప్యాకెట్ మాత్రమే చూసుకున్నా మ్యాచ్‌కి 26 సార్లు తడబాటు. అందులో ఒకటి గోల్ ముందర పడితే చాలు.

2.4 ఎందుకంత అధ్వానం అంటే, అక్కడ ఒకదానితో ఒకటి తగలకుండా వాడుకోగలిగిన ఛానెళ్ళు మూడే: 1, 6, 11. ఆ బెడ్‌రూమ్‌లో ఫోన్ తీసి చూస్తే ఇరవై పైచిలుకు వైఫైలు కనిపించాయి. ఇరవై ఇళ్ళ వాళ్ళు మూడు సందుల్లో దూరుతున్నారు. మైక్రోవేవ్ ఓవెన్ అక్కడే, బ్లూటూత్ అక్కడే. పీఎస్5 కంట్రోలర్ బ్లూటూత్‌తోనే పనిచేస్తుంది కాబట్టి, కన్సోల్ వైఫై కూడా 2.4లో ఉంటే రెండూ ఒకే చోట. 5 గిగాహెర్ట్జ్‌కి గోడలు దాటే బలం తక్కువ. మన అపార్ట్‌మెంట్లలో అదే దాని గుణం కూడా: పక్కింటి వాళ్ళ గోల మన దాకా రాదు.

వైరు వేశాక వచ్చిన చిక్కులు

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో సీటీసీకి వెళ్ళి 20 మీటర్ల కేబుల్ తెచ్చాను, రెండు చివరలూ షాపులోనే క్రింప్ చేయించి. క్యాట్5ఈ చాలు, 100 మీటర్ల దాకా 1 గిగాబిట్ మోస్తుంది. క్యాట్6 ధరలో పెద్ద తేడా లేకపోతే అదే తీసుకోండి, అంతేగానీ క్యాట్7, క్యాట్8 అని రాసి ఉన్న బంగారు రంగు మూతల కేబుళ్ళకి డబ్బు తగలేయొద్దు, ఆట వాటిని గుర్తించదు. చూడాల్సింది లోపల తీగ రాగిదా, అల్యూమినియం మీద రాగి పూతా అన్నది. పూత కేబుల్ చేతికి తేలిగ్గా ఉంటుంది, వంచితే త్వరగా విరుగుతుంది. బ్లేడుతో తీగ గీకితే లోపల తెల్లగా కనిపిస్తుంది. గీకి చూపించమంటే నిజంగా రాగి అమ్మేవాడు గీకి చూపిస్తాడు.

లాగడం గోడ వెంట, తలుపు సందులోంచి. పూజ గది గుమ్మం మీదుగా వద్దంది అక్క, సరే అని చుట్టూ తిప్పాం. వారం తిరక్కుండా మళ్ళీ ఫోన్. "మామయ్యా, ఇప్పుడు పింగ్ 24 దాటట్లేదు, అయినా ప్లేయర్ మాయమై మాయమై వస్తున్నాడు." వెళ్ళి రౌటర్‌కి 300 కొట్టాను. వచ్చినవన్నీ 1 లోపే. ఆరు మాత్రం `Request timed out`. ఆలస్యం అస్సలు లేదు, నష్టం మాత్రం 2 శాతం. పైన చెప్పిన వైరు జబ్బు అచ్చంగా ఇదే. టార్చ్ వేసి వెతికితే బెడ్‌రూమ్ తలుపు కీలు దగ్గర కేబుల్ నలిగి చదునైపోయి ఉంది. తలుపు వేసినప్పుడల్లా పడుతోంది దాని మీద. పింగ్ నడుస్తుండగా తలుపు వేసి తీసి చూస్తే, వేసినప్పుడే పోతున్నాయి. ఆ ముక్క మార్చి, చౌకట్టు మూలన చిన్న కన్నం వేయించి లాగాక, మళ్ళీ 300కి 300.

ఇలాంటప్పుడు ల్యాప్‌టాప్‌లో ఈథర్నెట్ లింక్ స్పీడు కూడా ఒకసారి చూడండి. రెండు వైపులా గిగాబిట్ పోర్టులుండి కూడా `100/100 (Mbps)` అని వస్తే, ఎనిమిది తీగల్లో ఏదో ఒకటి సరిగ్గా తగలట్లేదని అర్థం. గిగాబిట్‌కి ఎనిమిదీ కావాలి, 100కి నాలుగు చాలు. నిజానికి ఆటకి 100 అయినా తేడా రాదు, 100 బైట్ల ప్యాకెట్ 100 ఎంబీపీఎస్‌లో పోవడానికి పట్టేది 8 మైక్రోసెకండ్లు. కానీ ఇవాళ వదులైన తీగ రేపు పూర్తిగా ఊడుతుంది, కాబట్టి క్రింప్ మళ్ళీ చేయించడం మంచిది.

రెండో చిక్కు ఇంకో పది రోజులకు. ఈసారి రాత్రి పదింటికి మాత్రమే వస్తోంది, ఒక్కసారి వస్తే పావుగంట ఉంటోంది. రౌటర్‌కి పింగ్ కొడితే మచ్చ లేదు. బయట ఇంటర్నెట్‌లో ఉన్న గూగుల్ సర్వర్ `8.8.8.8`కి కొడితే 22 ఉండాల్సింది 180 దాటుతోంది. అంటే తప్పు వైరుది కాదు, రౌటర్ దాటాక. కంపెనీ వాళ్ళని తిట్టబోయి ఆగాను, ఎందుకంటే సరిగ్గా అదే సమయానికి అక్క ఫోన్ చార్జింగ్‌లో పెట్టి ఉంది. పెళ్ళి వీడియోలన్నీ క్లౌడ్‌కి ఎక్కుతున్నాయి. అప్‌లోడ్ దారి మొత్తం ఆ ఫోనే నింపేస్తే, ఆట ప్యాకెట్ వీడియో ముక్కల వెనక వరుసలో నిలబడాలి. రౌటర్‌లో ఆ వరుస ఎంత పొడుగుంటే అంత ఆలస్యం. బ్యాకప్ ఆపగానే 22కి వచ్చేసింది.

దీనికి వైరూ వైఫై ఒకటే. కన్సోల్ వైరు మీదుందా లేదా అన్నది ఈ వరుసకి అనవసరం. రౌటర్‌లో ఎస్‌క్యూఎం అనే సదుపాయం ఉంటే, అప్‌లోడ్ పరిమితిని ప్లాన్‌లో 90 శాతానికి, అంటే ఇక్కడ 45కి పెడితే, వరుస పేరుకోదు, చిన్న ప్యాకెట్లు పెద్దవాటి మధ్యలోంచి దూరిపోతాయి. నెట్ వాళ్ళు ఉచితంగా ఇచ్చే డబ్బాల్లో ఇది సాధారణంగా ఉండదు. మా అక్క ఇంట్లో ఖర్చు లేని మార్గం పట్టాం. మ్యాచ్ ఉన్నంతసేపు ఫోన్‌లో బ్యాకప్ ఆపడం. అక్కకి చెప్పాల్సింది మాత్రం నువ్వేరా అని వాడికే వదిలేశాను.

వైరు లాగే వీలు లేకపోతే

అద్దె ఇల్లు, మేకు కొడితే ఓనర్ ఒప్పుకోడు. అలాంటప్పుడు నేను మొదట అడిగేది కేబుల్ గురించి కాదు, ఫైబర్ గురించి. నెట్ వాళ్ళ ఫైబర్ సన్నటి తీగ, గుమ్మం దగ్గర ఆగిపోవాలన్న నియమం లేదు. దాన్నే ఇంకో పదిహేను మీటర్లు పొడిగించి, రౌటర్‌ని కన్సోల్ ఉన్న గదిలోకి మార్చమంటే లైన్‌మన్ ఎంతో కొంత తీసుకుని మార్చేస్తాడు. అప్పుడు వైరు మీటరు చాలు. నష్టమేమిటంటే హాల్లో ఫోన్లకి సిగ్నల్ తగ్గుతుంది. ఇంట్లో ఎవరి మాట చెల్లుతుందో దాన్ని బట్టి.

అదీ కుదరకపోతే 5 గిగాహెర్ట్జే. పీఎస్5లో వైఫై బ్యాండ్ 5 అని గట్టిగా ఎంచుకోవచ్చు, ఆటోమేటిక్‌లో వదిలితే గోడల వెనక నుంచి 2.4కి జారుకుంటుంది. రౌటర్‌ని చెప్పుల స్టాండ్ దగ్గర్నుంచి తీసి కాస్త ఎత్తులో, బీరువా అడ్డు రాని చోట పెట్టండి. ఛానెల్ వెడల్పు 80 నుంచి 40కి తగ్గిస్తే వేగం తగ్గుతుంది గానీ పక్కింటి వాళ్ళతో ఢీకొనడం తగ్గుతుంది. ఆటకి అది లాభసాటి బేరం.

రెండొందల గజాల దూరం దాకా సిగ్నల్ అని అమ్మే రిపీటర్లు మాత్రం ఆట కోసం కొనకండి. మామూలు రిపీటర్ విన్నదాన్ని మళ్ళీ అదే ఛానెల్‌లో చెబుతుంది, అంటే ప్రతి ప్యాకెట్ సందులో రెండుసార్లు నడుస్తుంది. గీతలు నిండుగా కనిపిస్తాయి, ఆలస్యం పెరుగుతుంది. ఇంట్లో అక్కడక్కడా పెట్టే వైఫై డబ్బాల సెట్, అంటే మెష్ కొని, కన్సోల్‌ని మెష్ డబ్బాకి వైరుతో కలిపి "నాది వైర్డ్ కనెక్షన్" అనుకునేవాళ్ళూ ఉన్నారు. ఆ డబ్బా హాల్లో డబ్బాతో గాలిలోనే మాట్లాడుతోంది కదా. మంచి మెష్‌లో దానికోసం వేరే బ్యాండ్ ఉంటుంది కాబట్టి రిపీటర్ కంటే చాలా మేలు, కానీ వైరు కాదు. కరెంటు లైను మీదుగా నెట్ పంపే పవర్‌లైన్ అడాప్టర్ల మీద నాకు నమ్మకం లేదు. త్రీ ఫేజ్ ఉన్న ఫ్లాట్లలో హాల్ ఒక ఫేజ్ మీద, బెడ్‌రూమ్ ఇంకో ఫేజ్ మీద ఉండొచ్చు. పైగా ఇన్వర్టర్, ఫ్యాన్ రెగ్యులేటర్, చవక చార్జర్ల రొద. తిరిగి ఇచ్చేసే వీలుంటేనే ప్రయత్నించండి.

ఏ కన్సోల్ అన్నది కూడా కొంత తేలుస్తుంది. 2013లో వచ్చిన మొదటి పీఎస్4లో 5 గిగాహెర్ట్జ్ అసలు లేదు, అపార్ట్‌మెంట్‌లో దానికి వైరు తప్ప దారి లేదు. స్లిమ్, ప్రోల నుంచి ఉంది. మొదటి నింటెండో స్విచ్ డాక్‌కి నెట్ పోర్టు ఉండదు, యూఎస్‌బీ అడాప్టర్ కొనాలి. ఓఎల్ఈడీ మోడల్ డాక్‌కి ఉంది. పీఎస్5కీ ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్, ఎస్‌లకీ రెండూ ఉన్నాయి.

ఏ ఆట అన్నది అంతకంటే ఎక్కువ తేలుస్తుంది. ఫైటింగ్ గేములు ఆడేవాళ్ళకి నేను రెండో మాట చెప్పను. అవి సెకనుకు 60 ఫ్రేములతో నడుస్తాయి, ఒక ఫ్రేము 16.7 మిల్లీసెకండ్లు. ఎప్పుడూ 60 ఆలస్యమైతే ఆట దానికి సర్దుకుంటుంది, చేతులు కూడా సర్దుకుంటాయి. ఒకసారి 25, ఒకసారి 140 అయితే ఎవరూ సర్దుకోలేరు. తగిలిన దెబ్బ తగలనట్టు వెనక్కి వెళ్ళిపోతుంది. అందుకే స్ట్రీట్ ఫైటర్ 6, టెక్కెన్ 8 లాంటివి అవతలివాడు వైరు మీదున్నాడా వైఫై మీదున్నాడా అని ముందే గుర్తు చూపిస్తాయి, వైఫై గుర్తు కనిపిస్తే మ్యాచ్ వద్దని పోయేవాళ్ళు చాలామంది. షూటింగ్, ఫుట్‌బాల్, కార్ రేసులు ఆ తర్వాత. కార్డ్ గేములు, వంతులవారీగా ఆడేవి అయితే వైఫై చాలు, 2.4 అయినా చాలు.

ఎన్ఏటీ టైపు స్ట్రిక్ట్ అని వస్తోందని వైరు వేసేవాళ్ళు ఆగండి. అది రౌటర్ సెట్టింగు లేదా కంపెనీ ఒకే పబ్లిక్ అడ్రస్‌ని చాలా ఇళ్ళకి పంచడం వల్ల వచ్చేది. వైరుతో ఒక్క అక్షరం కూడా మారదు.

మా వాడి ఫ్రెండు అదే అపార్ట్‌మెంట్‌లో మొదటి అంతస్తులో ఉంటాడు. ఈ హడావుడి చూసి వాడు కూడా సీటీసీకి బయల్దేరబోయాడు. ముందు కొలవమన్నాను. వాళ్ళ రౌటర్ టీవీ యూనిట్ పై అరలో, కన్సోల్ కింది అరలో. 5 గిగాహెర్ట్జ్‌లో రాత్రి పదింటికి 300 కొడితే ఎక్కువ వచ్చింది 9. ఆ ఇంట్లో కొనాల్సిందేమీ లేదు. వేయాలని అంత ముచ్చటగా ఉంటే అర మీటరు కేబుల్ చాలు, అది రౌటర్ కొన్న డబ్బాలోనే వస్తుంది. అడిగితే వాళ్ళమ్మ అటక మీంచి తీసిచ్చింది, ప్లాస్టిక్ కవర్ కూడా విప్పలేదు.